ఫైలు వెళ్లింది, మరి పటం వెళ్లిందా?

పెంటపాడులో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి సెమినార్ కోసం కొల్లేరు మీద పద్దెనిమిది స్లైడ్‌ల పీపీటీ తయారు చేసిందనుకుందాం. నాలుగో స్లైడ్‌లో సరస్సు పటం ఉంది. మూడో కాంటూరు, ఐదో కాంటూరు, ఏడో కాంటూరు మూడు రంగుల గీతలుగా కనిపిస్తాయి. చుట్టూ లంక గ్రామాల పేర్లు, సరస్సులోకి వచ్చే బుడమేరు, తమ్మిలేరు, సరస్సు నీటిని సముద్రానికి తీసుకుపోయే ఉప్పుటేరు ఉన్నాయి. తొమ్మిదో స్లైడ్‌లో చేపల చెరువుల విస్తీర్ణం మండలాల వారీగా చెప్పే పట్టిక ఉంది. దాన్ని ఎక్సెల్‌లో చేసి, స్క్రీన్‌షాట్ తీసి అతికించింది. పన్నెండో స్లైడ్‌లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించిన 1999 నాటి ప్రభుత్వ ఉత్తర్వులో ఒక పేజీని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టింది. మొత్తం ఫైలును ఒక ఏఐ యాప్‌లో అటాచ్ చేసి, సారాంశం రాయమనీ తప్పులుంటే చూపమనీ అడిగింది. సారాంశం చక్కగా వచ్చింది, తప్పులేమీ లేవని కూడా వచ్చింది. ఈ అధ్యాయంలో మనం తేల్చుకోవలసింది ఒక్కటే: ఆ పటాన్ని, ఆ పట్టికను, ఆ ఉత్తర్వు పేజీని ఆ యాప్ నిజంగా చూసిందా?

నా సమాధానం ఇది. పీపీటీనో వర్డ్ ఫైలునో ఉన్నది ఉన్నట్టుగా అటాచ్ చేస్తే, అందులో అతికించిన బొమ్మలు చాలాసార్లు చదవబడవు. అన్నిసార్లూ కాదు, అన్ని యాప్‌లలోనూ కాదు. కానీ చదవనప్పుడు ఆ సంగతి మనకు తెలియజేసే ఏర్పాటు సాధారణంగా ఉండదు, అసలు ఇబ్బంది అదే. ఫైలు పేరు పక్కన టిక్కు పడుతుంది, సమాధానం వస్తుంది, మనం పటం కూడా వెళ్లిందనుకుంటాం. కాబట్టి బొమ్మ చేరిందో లేదో తేల్చుకునే పని పంపినవాళ్లదే. ఆ పనికి పట్టే సమయం అయిదు నిమిషాలకు మించదు.

బొమ్మ ఎందుకు జారిపోతుందో తెలియాలంటే ఫైలు లోపలికి వెళ్లి చూడాలి. 2007 ఆఫీసు నుంచి వస్తున్న `.pptx`, `.docx` ఫైళ్లు నిజానికి జిప్ మూటలు. ఫైలుకు ఒక నకలు తీసి, చివర `.pptx` స్థానంలో `.zip` అని పేరు మార్చి తెరిస్తే లోపలి ఫోల్డర్లు కనిపిస్తాయి. `ppt/slides` అనే ఫోల్డరులో ఒక్కో స్లైడ్‌కు ఒక్కో ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఉంటుంది, మనం స్లైడ్ మీద టైపు చేసిన మామూలు అక్షరాలు అందులోనే ఉంటాయి. బొమ్మలు మాత్రం `ppt/media` అనే వేరే ఫోల్డరులో `image1.png`, `image2.jpeg` అన్న పేర్లతో కూర్చుంటాయి. వర్డ్ ఫైల్లో ఇదే పని `word/media` చేస్తుంది. నాలుగో స్లైడ్ ఎక్స్‌ఎంఎల్‌లో పటం ఉన్నచోట పటం ఉండదు, దాని చిరునామా ఉంటుంది. అనవసరమైన వరసలు తీసేస్తే అక్కడ కనిపించేది ఇంతే:

```
<p:cNvPr id="4" name="Picture 3" descr="A map of a lake"/>
<a:blip r:embed="rId2"/>
```

మొదటి వరసలో బొమ్మకు ఒక పేరు, ఒక వర్ణన ఉన్నాయి. రెండో వరస, బొమ్మ ఫలానా చోట ఉంది, వెళ్లి తెచ్చుకో అంటుంది. ఫైలు అందుకున్న యాప్ ముందుగా చేసే పని, ఎక్స్‌ఎంఎల్ నుంచి అక్షరాలను ఏరి మోడల్‌కు అందించడం. ఇది చవక, తొందరగా అయ్యే పని. చిరునామా పట్టుకుని వెళ్లి బొమ్మను తెచ్చి, దాన్ని చూడగల మోడల్‌కు విడిగా చూపించడం రెండో పని. దానికి ఖర్చూ ఎక్కువ, సమయమూ ఎక్కువ. యాప్ కట్టినవాళ్లు రెండో పని పెట్టుకోకపోతే, మోడల్‌కు ఎంత మంచి చూపున్నా నాలుగో స్లైడ్ దగ్గర దానికి చేరేది శీర్షికా, కింద రాసిన రెండు వాక్యాలూ మాత్రమే. కాబట్టి మోడల్ బొమ్మలు చూడగలదా అన్న ప్రశ్నకు అవునన్న జవాబు వచ్చినంత మాత్రాన సరిపోదు. ఈ రకం ఫైల్లోంచి బొమ్మను తీసి దాని ముందు పెడుతున్నారా అన్నదే అడగవలసిన ప్రశ్న.

ఇది ఊహించి చెబుతున్నది కాదు, తయారీదారులు రాసిపెట్టిందే. గూగుల్ జెమినై డెవలపర్ పత్రాల్లో, పేజీని చూపుతో అర్థం చేసుకోవడమన్నది పీడీఎఫ్‌కే వర్తిస్తుందనీ, తక్కిన రకాల ఫైళ్లు ఒట్టి అక్షరాలుగానే తీసుకోబడతాయనీ, వాటిలోని చార్టులూ రేఖాచిత్రాలూ పోతాయనీ ఉంది. ఓపెన్‌ఏఐ డెవలపర్ పత్రాలు, పీడీఎఫ్ ఇస్తే అందులోని అక్షరాలతో పాటు ప్రతి పేజీని బొమ్మగా కూడా మోడల్‌కు ఇస్తామంటాయి. ఆంత్రోపిక్ కంపెనీ తన క్లాడ్‌కు పీడీఎఫ్ పేజీలను ఇలా బొమ్మలుగా చూపే ఏర్పాటును 2024 నవంబరులో మొదలుపెట్టింది. మూడింటి ధోరణీ ఒకటే: పేజీ అన్నది పీడీఎఫ్‌లో స్థిరంగా ఉంటుంది కనుక దాన్ని ఫోటో తీసినట్టు తీసి చూపడం తేలిక, పీపీటీలో ఆ పేజీని ముందు గీయాలి కనుక కష్టం. అయితే ఈ మాటలు ప్రోగ్రాములు రాసేవాళ్ల కోసం రాసినవి. మన ఫోన్‌లో వాడే యాప్ అదే కంపెనీదైనా వేరే దారిలో నడవొచ్చు. ఉచిత ఖాతాకు ఒక తీరు, సంస్థలు కొనే ఖాతాకు ఇంకో తీరు ఉండొచ్చు, వచ్చే నెలకు రెండూ మారొచ్చు. ఏ యాప్ ఏమి చేస్తుందో పట్టిక వేసి ఇవ్వకపోవడానికి కారణం ఇదే. మీ యాప్‌ను మీరే పరీక్షించుకోవాలి.

పరీక్ష సంగతికి వెళ్లేముందు పైన చూపిన మొదటి వరస దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే చాలామంది మోసపోయేది అక్కడే. `descr` అన్నచోట ఉన్నది బొమ్మకు ప్రత్యామ్నాయ వర్ణన, అంటే ఆల్ట్ టెక్స్ట్. పవర్‌పాయింట్ కొన్నిసార్లు దీన్ని తనంతట తానే రాసిపెడుతుంది. అక్షరాలను ఏరే సాధనాల్లో కొన్ని ఈ వర్ణనను కూడా ఏరుకుంటాయి. మైక్రోసాఫ్టు వారి మార్క్‌ఇట్‌డౌన్ అనే సాధనం పీపీటీని అక్షరాలుగా మార్చినప్పుడు బొమ్మ ఉన్నచోట ఆ వర్ణనను, బొమ్మ పేరును పెడుతుంది. అప్పుడు మోడల్‌కు చేరేది "సరస్సు పటం" అన్న అర్థం వచ్చే ఒక్క ముక్క. అది పట్టుకుని, నాలుగో స్లైడ్‌లో సరస్సు పటం ఉందని సమాధానంలో రాస్తే, చదివిన మనకు అది పటాన్ని చూసినట్టే అనిపిస్తుంది. నిజానికి అక్కడ ఏ గీత ఏ రంగులో ఉందో, ఏ ఊరు గీతకు లోపల పడిందో, ఏది బయట పడిందో దానికి తెలియదు. బొమ్మ ఉందని తెలియడం వేరు, బొమ్మలో ఏముందో తెలియడం వేరు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. మా యాప్ పటంలో ఉన్న అంకె సరిగ్గా చెప్పిందే, చూడకుండా ఎలా చెబుతుంది అంటారు. కొల్లేరు విషయంలోనే దీన్ని పరిశీలిద్దాం. అభయారణ్యం విస్తీర్ణం సుమారు 308 చదరపు కిలోమీటర్లు, సరిహద్దు ఐదో కాంటూరు, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తున సాగే గీత. ఈ సంగతులు వందల వార్తా కథనాల్లో, వ్యాసాల్లో ఉన్నాయి. పటం మూలన 308 అని రాసి ఉంటే, పటాన్ని చూడకుండానే ఆ అంకె చెప్పడం మోడల్‌కు కష్టమేమీ కాదు. చదివిన జ్ఞాపకం నుంచి చెప్పేస్తుంది. ఇదే కొల్లేరు 2002లో రాంసార్ చిత్తడి నేలల జాబితాలో చేరినప్పుడు నమోదైన విస్తీర్ణం మాత్రం 90,100 హెక్టార్లు, అంటే 901 చదరపు కిలోమీటర్లు. ఇప్పుడు ఆ అమ్మాయి పటం రాంసార్ హద్దును చూపేదైతే, దాన్ని చూడని యాప్ అభయారణ్యం అంకెను పట్టుకుని సారాంశం రాయొచ్చు. చదివేవాళ్లకు అది నిజమైన అంకె గనుక అనుమానం రాదు, కానీ ఆ పటానికి అది తప్పు. సరైన సమాధానం రావడం చూపుకు రుజువు కాదన్నది ఇందుకే. తప్పులు చూపమని అడిగితే ఏమీ లేవని రావడం అంతకన్నా బలహీనమైన రుజువు. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా ఏర్పడకముందు గీసిన పటంలో కైకలూరు కృష్ణా జిల్లాలో ఉంటుంది, ఆ విభజనలో అది ఏలూరు జిల్లాలోకి వచ్చింది. ఆ పాత పటం సెమినార్‌లో తెర మీదికి వస్తే ఎవరో ఒకరు పట్టుకుంటారు. బొమ్మ లోపలికి చూడని యాప్ పట్టుకోలేదు.

కాబట్టి పరీక్ష ఎలా పెట్టాలంటే, బొమ్మలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని సంగతిని అడగాలి. ఫైలుకు నకలు తీసుకోండి. పటాన్ని పెయింట్‌లో తెరిచి, ఒక మూల ఖాళీ నీలం మీద "కొంగ 47" అని స్పష్టంగా రాయండి. ఇంకో చోట, ఉప్పుటేరు గీత పక్కన, ఒక చిన్న ఎర్ర త్రికోణం గీయండి. పటాన్ని బొమ్మగా సేవ్ చేసి, పాతదాని స్థానంలో అతికించండి. పవర్‌పాయింట్‌లో టెక్స్ట్ బాక్సు పెట్టి ఆ మాట టైపు చేస్తే పరీక్ష పాడైనట్టే, అది అక్షరంగా ఎక్స్‌ఎంఎల్‌లోకి వెళ్లిపోతుంది. ఫైలు పేరులో, ఆల్ట్ టెక్స్ట్‌లో, నోట్సులో కూడా ఆ మాట ఎక్కడా ఉండకూడదు. తర్వాత కొత్త సంభాషణ తెరిచి ఫైలు అటాచ్ చేసి, నాలుగో స్లైడ్ బొమ్మలో ఏ పక్షి పేరు, ఏ అంకె ఉన్నాయి, ఎర్ర గుర్తు దేని పక్కన ఉంది అని అడగండి. రెండూ సరిగ్గా వస్తే బొమ్మ చేరింది, మోడల్ చూసింది. అక్షరాలు వచ్చి గుర్తు రాకపోతే, బొమ్మలోని అక్షరాలను మాత్రమే ఓసీఆర్‌తో ఏరి పంపుతున్నారన్న అనుమానం బలపడుతుంది. అలాంటి యాప్‌కు ఉత్తర్వు పేజీ అందుతుంది గానీ కాంటూరు పటం అందదు, ఎందుకంటే పటంలో అసలు సమాచారం గీతల్లోనే ఉంది. రెండూ రాకపోతే, ఆ పీపీటీలో బొమ్మలు లేనట్టే లెక్క వేసుకుని ముందుకు సాగాలి.

తొమ్మిదో స్లైడ్ పట్టిక సంగతి కొంచెం వేరు. అందులో అమ్మాయి చేసిన ఒక చిన్న ఎంపిక వల్లే అంకెలన్నీ పోయాయి. ఎక్సెల్ పట్టికను స్క్రీన్‌షాట్‌గా కాక పవర్‌పాయింట్ పట్టికగా అతికించి ఉంటే, ప్రతి గడిలోని అంకె స్లైడ్ ఎక్స్‌ఎంఎల్‌లో అక్షరంగా ఉండేది, ఎంత సాదా యాప్ అయినా చదివేది. చార్టుగా పెట్టి ఉంటే సగం దారిలో ఉండేది. అసలైన చార్టులోని అంకెలు `ppt/charts` ఫోల్డరులో అక్షరాలుగానే ఉంటాయి గానీ, అక్కడిదాకా వెళ్లి తెచ్చే సాధనాలు కొన్నే. స్మార్ట్‌ఆర్ట్‌తో వేసిన బొమ్మల్లోని మాటలదీ ఇదే కథ. అవి `ppt/diagrams` అనే పక్క గదిలో ఉంటాయి, స్లైడ్ ఒక్కటే చదివే సాధనం వాటిని దాటిపోతుంది. తెర మీద చూస్తే స్క్రీన్‌షాట్ ఏదో, అసలు పట్టికో చార్టో ఏదో తేడా తెలియదు. ఫైలు లోపల మాత్రం మూడూ మూడు చోట్ల ఉంటాయి. పట్టిక మీద క్లిక్ చేసి ఒక అంకెను మార్చగలిగితే అది అక్షరం, మొత్తం ఒక చతురస్రంలా కదిలితే అది బొమ్మ.

ఇవన్నీ ఎందుకు, పీడీఎఫ్ చేసి పంపితే సరిపోతుంది కదా అని అనుభవమున్నవాళ్లు అంటారు. చాలావరకు నిజం, నేను కూడా మొదట చెప్పే సలహా అదే. పవర్‌పాయింట్‌లో `Save As` కు వెళ్లి `PDF` ఎంచుకుంటే, పేజీలను బొమ్మలుగా చూపే యాప్‌లకు నాలుగో స్లైడ్ పటంతో సహా అందుతుంది. కానీ ఇది అన్ని చోట్లా పనిచేసే మందు కాదు. పీడీఎఫ్ నుంచి కూడా అక్షరాలనే ఏరుకునే యాప్‌లున్నాయి, వాటి విషయంలో పీడీఎఫ్ చేసినా ఒకటే, చేయకపోయినా ఒకటే. పేజీలు మరీ ఎక్కువైతే బొమ్మలుగా చూపడం మానేసి అక్షరాలకే పరిమితమయ్యేవి కూడా ఉన్నాయి. ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా యానిమేషన్ పెట్టిన బొమ్మలు పీడీఎఫ్‌లో ఒకదానిమీద ఒకటి పడి, అడుగు బొమ్మ కనపడకుండా పోతుంది. స్లైడ్ కింద రాసుకున్న స్పీకర్ నోట్సు మామూలు పీడీఎఫ్‌లోకి రావు. వీటన్నిటికన్నా కొల్లేరు పటానికి ఎక్కువ హాని చేసేది స్పష్టత తగ్గడం. పేజీ మొత్తాన్ని ఒక పరిమాణానికి కుదించి మోడల్‌కు చూపిస్తారు. శీర్షికకు, వాక్యాలకు చోటిచ్చి పటాన్ని స్లైడ్‌లో సగానికి పెట్టి ఉంటే, ఆ సగంలో ఉన్న లంక గ్రామాల పేర్లు ఆ కుదింపులో అలికినట్టయిపోతాయి. మనకు పెద్దది చేసుకుని చూసే వీలుంది, దానికి అందిందే అందింది. అస్పష్టమైన పేరు దగ్గర మోడల్ చాలాసార్లు ఆగదు, ఆ ప్రాంతంలో ఉండదగిన ఊరి పేరు ఒకటి రాసేస్తుంది. అందుకే పరీక్ష మాటను పటంలోని అతి చిన్న ఊరి పేరు ఎంత సైజులో ఉందో అంతే సైజులో రాయమంటాను. పెద్ద అక్షరాలతో పెట్టిన పరీక్ష గెలిచినా ఊళ్ల పేర్లు చదవగలదని తేలదు.

తెలుగు రాసేవాళ్లకు ఇందులో ఇంకో మలుపు ఉంది, ఇంగ్లిషు ఫైళ్లకు చెప్పే సలహాల్లో ఇది కనపడదు. మన దగ్గర అచ్చు పనికి ఏళ్ల తరబడి వాడిన అను ఫాంట్లు యూనికోడ్ కావు. వాటితో చేసిన పీడీఎఫ్ తెర మీద ముత్యాల్లాంటి తెలుగుగా కనిపిస్తుంది, లోపల మాత్రం ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల చెత్తగా ఉంటుంది. యూనికోడ్ తెలుగుతో చేసిన పీడీఎఫ్‌లలో కూడా కొన్నిసార్లు ఒత్తులూ గుణింతాలూ స్థానం తప్పుతాయి. అలాంటి ఫైలును అక్షరాలుగా ఏరితే మోడల్‌కు చేరేది అర్థం లేని దొంతర. అప్పుడు సంగతి తలకిందులవుతుంది. బొమ్మగా చూపించిన పేజీయే చదవదగినది, అక్షరాలే పనికిరానివి. తెలుసుకోవడం సులభం: పీడీఎఫ్‌లో ఒక వాక్యాన్ని ఎంచి కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగు తెలుగుగా వస్తే అక్షరాల మీద ఆధారపడొచ్చు. చెత్త వస్తే ఆ పేజీని పీఎన్‌జీ బొమ్మగా మార్చి పంపాలి. వాక్యం అసలు ఎంపికే కాకపోతే అది స్కాన్, పన్నెండో స్లైడ్‌లోని ఉత్తర్వు పేజీ లాగే అంతా బొమ్మే.

ఇక ఆ అమ్మాయి చేయవలసిన పని. పద్దెనిమిది స్లైడ్‌లకూ ఒకే శ్రద్ధ అక్కర్లేదు. అందం కోసం పెట్టిన గూడబాతుల ఫోటో అందకపోతే సారాంశానికి నష్టం లేదు. వాదన ఆధారపడ్డ బొమ్మలు మూడే: పటం, పట్టిక, ఉత్తర్వు. పట్టికను అసలు పట్టికగా మార్చాలి, పది నిమిషాల పని. ఉత్తర్వు పేజీని నేరుగా వెలుతురు పడేలా, వంకర లేకుండా మళ్లీ ఫోటో తీసి విడిగా అటాచ్ చేయాలి. పటాన్ని కూడా స్లైడ్ నుంచి బయటకు తీసి, `media` ఫోల్డరులో ఉన్న పూర్తి సైజు బొమ్మనే విడిగా పంపాలి. ఊళ్ల పేర్లు చిన్నవైతే పటాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక్కోటి ఏ మూలదో చెప్పి పంపాలి. విడిగా పంపిన బొమ్మకూ స్లైడ్‌కూ సంబంధం తెగిపోతుందన్న అభ్యంతరం సరైనదే. బొమ్మ ఫైలుకు `slide04_map.png` అని పేరు పెట్టి, ఇది నాలుగో స్లైడ్‌లోని పటమని ప్రశ్నలో ఒక్క ముక్క రాస్తే ఆ సంబంధం నిలుస్తుంది.

ఇంతకన్నా నమ్మకమైన మార్గం, బొమ్మ చెప్పే సంగతిని స్లైడ్‌లోనే మాటల్లో రాయడం. ఇది రెండింతల పని అని కొందరికి అనిపిస్తుంది, స్లైడ్ నిండిపోతుందని కూడా. కానీ ఆ మాటలు తెర మీద ఉండనక్కర్లేదు. పటం మీద కుడి క్లిక్ చేసి `Alt Text` తెరిచి, యంత్రం రాసిన ఇంగ్లిషు ముక్క తీసేసి అక్కడ రాయొచ్చు. ఆల్ట్ టెక్స్ట్‌ను వదిలేసే సాధనాలు కూడా ఉన్నాయి గనుక నోట్సులో కూడా అదే రాయాలి. చూపు లేని విద్యార్థి ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్‌తో ఆ పీపీటీ తెరిస్తే నాలుగో స్లైడ్ దగ్గర వినిపించేది కూడా ఆ వర్ణనే. తరగతిలో అలాంటి తోటి విద్యార్థి ఉంటే "ఎ మ్యాప్ ఆఫ్ ఎ లేక్" అన్న మాట ఆమెకు ఏమీ ఇవ్వదు. బొమ్మ ఏ రకానిదో రాస్తే చాలదు. బొమ్మను చూసిన మనిషి దాన్నుంచి ఏమి తెలుసుకుంటాడో అది రాయాలి. కొల్లేరు పటానికి నేనైతే ఇలా రాస్తాను: "కొల్లేరు సరస్సు పటం. మూడు కాంటూరు గీతలున్నాయి: లోపల మూడో కాంటూరు పసుపు, మధ్యన ఐదో కాంటూరు ఎరుపు, బయట ఏడో కాంటూరు ఆకుపచ్చ. అభయారణ్యం సరిహద్దు ఎర్ర గీత. బుడమేరు పడమటి నుంచి, తమ్మిలేరు ఉత్తరం నుంచి సరస్సులో కలుస్తాయి. ఉప్పుటేరు సరస్సు నీటిని బంగాళాఖాతానికి తీసుకుపోతుంది. పటం 2022 జిల్లాల విభజనకు ముందుది, కైకలూరును కృష్ణా జిల్లాలో చూపిస్తుంది."